పలక అనుకున్నది దిమ్మ అయింది: టార్షన్ లోలకం మీద లంబాక్ష సిద్ధాంతం తప్పిన ఒక కేసు

విశాఖపట్నంలోని ఒక డిగ్రీ కళాశాలలో నేను భౌతికశాస్త్రం బోధిస్తాను. ప్రయోగశాల బాధ్యత కూడా నాదే. సముద్రపు ఉప్పుగాలి వల్ల మా ల్యాబ్‌లో ఇనుప సామాను ఎక్కువ కాలం నిలవదు. టార్షన్ లోలకానికి కట్టే ఉక్కు తీగ తుప్పు పట్టి తరచుగా మార్చవలసి వస్తుంది, దానికి వేలాడదీసే ఇనుప బిళ్ళ అంచు పొరలు పొరలుగా ఊడుతుంది. ఒక విద్యాసంవత్సరం మొదట్లో పాత బిళ్ళను తూచి చూస్తే, దాని మీద చెక్కి ఉన్న అంకెకూ తూకానికీ పొంతన కుదరలేదు. కొత్తది చేయించడానికి ఆటోనగర్‌లో ఒక లేత్ షాపుకు వెళ్లాను.

మేస్త్రి దగ్గర నూరు మిల్లీమీటర్లకు కొంచెం పైగా వ్యాసం ఉన్న మైల్డ్ స్టీల్ రౌండు ముక్క మిగిలి ఉంది. దాన్ని సరిగ్గా 100 మి.మీ.కు తిప్పి, నడిమధ్యన ఒక రంధ్రం, అంచు మీద కేంద్రం వైపు చూసే మరొక రంధ్రం పెట్టి, రెండింటికీ 6 మి.మీ. టాప్ వేయమని చెప్పాను. మొదటి రంధ్రంలో మర బిగిస్తే బిళ్ళ పళ్లెంలా అడ్డంగా వేలాడుతుంది. రెండవదానిలో బిగిస్తే గోడగడియారంలా నిలువుగా వేలాడుతుంది. "మందం ఎంత ఉంచమంటారు మాస్టారూ?" అని ఆయన అడిగితే, తీగ నిటారుగా బిగుసుకోవడానికి కాస్త బరువు కావాలన్న ఆలోచనతో 30 మి.మీ. ఉంచమన్నాను. "కాగితం మీద పలక అని రాశారు, ఇది దిమ్మ కదండీ" అని ఆయన నవ్వాడు. ఆ మాట నేను పట్టించుకోలేదు.

ఈ బిళ్ళతో నేను చేయించదలచుకున్న ప్రయోగం చాలా సులువైనది. ఒక వస్తువును తీగకు కట్టి మెలితిప్పి వదిలితే, దాని డోలనావర్తన కాలం T అనేది వస్తువు జడత్వ భ్రామకం I మీద, తీగ మెలి స్థిరాంకం C మీద మాత్రమే ఆధారపడుతుంది:

T = 2π √(I/C)

తీగ మార్చనంతవరకు C మారదు కనుక, రెండు స్థితులలోని ఆవర్తన కాలాల వర్గాల నిష్పత్తే ఆ రెండు అక్షాల గురించి ఉన్న జడత్వ భ్రామకాల నిష్పత్తి. బిళ్ళ పళ్లెంలా వేలాడినప్పుడు అది తన తలానికి లంబంగా ఉన్న అక్షం చుట్టూ తిరుగుతుంది. దాని జడత్వ భ్రామకాన్ని I_z అందాం. నిలువుగా వేలాడినప్పుడు ఒక వ్యాసం చుట్టూ తిరుగుతుంది. దాన్ని I_x అందాం, బిళ్ళ తలంలోనే దానికి లంబంగా ఉన్న మరో వ్యాసం గురించిన విలువను I_y అందాం. సమతల పలకకు లంబాక్ష సిద్ధాంతం ప్రకారం

I_z = I_x + I_y

అవుతుంది. గుండ్రటి బిళ్ళకు అన్ని వ్యాసాలూ సమానమే కనుక I_x, I_y ఒకటే, కాబట్టి I_z అనేది I_x కు సరిగ్గా రెట్టింపు. ఆవర్తన కాలాల నిష్పత్తి √2, అంటే 1.414 రావాలి. కేవలం స్టాప్ వాచ్‌తో, తూకం కూడా అవసరం లేకుండా, ఒక సిద్ధాంతాన్ని పిల్లలు కళ్లారా చూస్తారన్నది నా ఉద్దేశం.

తీగ వ్యాసం 1 మి.మీ., పొడవు 80 సెం.మీ. పళ్లెం స్థితిలో ఇరవై డోలనాలకు పట్టిన కాలం మూడుసార్లు తీస్తే సగటున 60.9 సెకన్లు వచ్చింది. దాన్ని 1.414తో భాగిస్తే నిలువు స్థితిలో 43.1 సెకన్లు రావాలి. వచ్చినవి 45.5, 45.7, 45.6. నిష్పత్తి 1.336. ఈ రీడింగులు తీసిన అమ్మాయి రికార్డు పుస్తకం తీసుకుని నా బల్ల దగ్గరకు వచ్చి, "సార్, మళ్లీ మళ్లీ తీశాను, 43 రావట్లేదు" అంది. వెనుక బల్ల మీద మరో జట్టు రికార్డులో మాత్రం 43.2 అని శుభ్రంగా రాసి ఉంది. ఆ అంకె ఎలా వచ్చిందో ల్యాబ్‌లో పనిచేసిన ఎవరికైనా తెలుసు.

మూడు రీడింగుల మధ్య తేడా 0.2 సెకను. బొటనవేలితో స్టాప్ వాచ్ నొక్కే మనిషికి ఉండే తడబాటు దాదాపు అంతే. సిద్ధాంతం చెప్పినదానికీ వచ్చినదానికీ మధ్య తేడా 2.5 సెకన్లు. అంటే ఇది చేతి తడబాటు కాదు, ఎక్కడో స్థిరంగా కూర్చున్న కారణం ఉంది. అలాంటి సందర్భంలో మొదట అనుమానించవలసింది పరికరాన్నే కనుక నేనూ అక్కడి నుంచే మొదలుపెట్టాను.

తీగ చక్‌లో జారుతున్నదేమోనని, తీగ మీదా చక్ నట్ మీదా కలిసేలా మార్కర్ పెన్నుతో సన్నని గీత గీశాము. ఇరవై డోలనాల తరువాత కూడా గీత తెగలేదు. మెలి ఎక్కువై తీగ స్థితిస్థాపక హద్దు దాటుతున్నదేమోనని ఒకసారి 30 డిగ్రీల మెలితో, ఒకసారి 90 డిగ్రీల మెలితో వదిలి చూశాము, కాలం మారలేదు. తీగ గుణమే మధ్యలో మారిందేమోనని, నిలువు స్థితి రీడింగుల తరువాత మళ్లీ పళ్లెం స్థితికి వెళ్లి తీస్తే అదే 60.9 వచ్చింది. రెండు స్థితులలోనూ వేలాడేది ఒకే బిళ్ళ కనుక తీగ మీద బిగువు కూడా ఒకటే. చక్ నట్ బరువు యాభై గ్రాములు కూడా ఉండదు, అదీ అక్షాన్ని అంటుకునే ఉంటుంది. దాని వాటా లెక్కలోకి రాదు.

మిగిలిన అనుమానం అంచు రంధ్రం మీద. మేస్త్రి దాన్ని కాస్త పక్కకు పెట్టి ఉంటే బిళ్ళ వ్యాసం చుట్టూ కాక దానికి సమాంతరంగా పక్కన ఉన్న గీత చుట్టూ తిరుగుతుందేమో, అప్పుడు సమాంతరాక్ష సిద్ధాంతం ప్రకారం md² మేర జడత్వ భ్రామకం పెరుగుతుందేమో అని సహ అధ్యాపకుడొకరు అన్నారు. ఆ లెక్క వేసి చూశాము. బిళ్ళ ద్రవ్యరాశి 1.85 కిలోలు. వ్యాసం గురించి ఉండవలసిన I_x, అంటే mR²/4, సుమారు 0.001156 కి.గ్రా. మీ². ఆవర్తన కాలంలో వచ్చిన తేడాను బట్టి అసలు విలువ దానికంటే 12 శాతం ఎక్కువ. ఆ 12 శాతాన్ని md²తో పూడ్చాలంటే d విలువ 8.7 మి.మీ. ఉండాలి. అంత పక్కకు రంధ్రం పెడితే వెర్నియర్ అక్కరలేదు, కంటికే కనిపిస్తుంది. పైగా ఒకే తీగకు వేలాడే వస్తువు తన ద్రవ్యరాశి కేంద్రం తీగ కిందకు వచ్చేలా తనంతట తానే సర్దుకుంటుంది కనుక, రంధ్రం పక్కకు జరిగితే బిళ్ళ కాస్త వాలుగా వేలాడుతుంది తప్ప అక్షం కేంద్రాన్ని తప్పిపోదు.

ఆ 8.7 మి.మీ. అంకె మాత్రం నన్ను వదలలేదు. ఆ సాయంత్రం కాగితం మీద బిళ్ళ కొలతలన్నీ రాసుకుని చూస్తుండగా మందం 30 దగ్గర ఆగాను. ముప్పైని √12తో భాగిస్తే 8.66. మేము వెతుకుతున్న దూరం నిజంగానే ఉంది, కానీ రంధ్రం పక్కకు జరగడంలో కాదు, బిళ్ళ మందంలో ఉంది. 30 మి.మీ. మందమున్న దిమ్మలో మధ్య తలం నుంచి పదార్థం సగటున ఎంత దూరాన ఉందో, దూరాల వర్గాల సగటుకు వర్గమూలం తీసి చెబితే వచ్చే అంకె అదే. లేత్ మేస్త్రి నవ్విన నవ్వు అప్పుడు గుర్తుకు వచ్చింది.

సిద్ధాంతం ఎక్కడ విరిగిందో చూడాలంటే దాని నిరూపణను తాపీగా చదవాలి. పలక తలాన్ని xy తలంగా తీసుకుందాం. పలకలోని ఒక చిన్న కణం z అక్షం నుంచి ఎంత దూరంలో ఉంది? √(x² + y²) దూరంలో ఉంది. ఇందులో అనుమానం లేదు, కణం తలం లోపల ఉన్నా పైకి లేచి ఉన్నా ఇదే నిజం. అదే కణం x అక్షం నుంచి ఎంత దూరంలో ఉంది? చాలామంది పాఠం అప్పగించినట్లు "y దూరంలో" అంటారు. అది నిజం కావాలంటే కణం సరిగ్గా xy తలంలోనే ఉండాలి. తలం నుంచి z ఎత్తుకు లేచి ఉంటే x అక్షం నుంచి దాని దూరం √(y² + z²) అవుతుంది. y అక్షానికీ ఇదే పద్ధతి. కాబట్టి ఏ వస్తువుకైనా వర్తించే పూర్తి లెక్క ఇది:

I_x + I_y = Σm(y² + z²) + Σm(x² + z²) = I_z + 2Σmz²

లంబాక్ష సిద్ధాంతం అంటే ఈ చివరి పదం సున్నా అయిన సందర్భమే. ద్రవ్యరాశి ధనాత్మకం, z² ఎప్పుడూ రుణాత్మకం కాదు. కనుక ఈ పదం సున్నా కావాలంటే ప్రతి కణానికీ z సున్నా కావాలి. అంటే వస్తువంతా ఒకే తలంలో ఉండాలి. పైన ఉన్న కణాలూ కింద ఉన్న కణాలూ ఒకదాన్నొకటి కొట్టివేసుకోవు, ఎందుకంటే వర్గం చేశాక రెండూ కలిసి పెరుగుతాయే గాని తగ్గవు. మా దిమ్మ మధ్య తలానికి అటూ ఇటూ సమానంగా ఉంది కదా, సమరూపత ఉంది కదా అని ఒక విద్యార్థి వాదించాడు. సమరూపత ఇక్కడ పనికిరాకపోవడానికి కారణం ఆ వర్గమే.

దీనిలో నుంచి ఇంకొక ఉపయోగకరమైన విషయం తేలుతుంది: తప్పు ఎప్పుడూ ఒకే దిశలో వస్తుంది. I_x, I_y మొత్తం I_z కంటే ఎక్కువ కావచ్చు, సమానం కావచ్చు, తక్కువ కావడం మాత్రం అసాధ్యం. మా రీడింగు 43.1 కంటే తక్కువగా వచ్చి ఉంటే నేను పరికరాన్నే ఇంకా తడుముతూ ఉండవలసి వచ్చేది. ఎక్కువగా వచ్చింది కనుకే మందం మీద అనుమానానికి తావు దొరికింది. విలువలు చూసేటప్పుడు తేడా ఎంత అన్నదానితో పాటు ఏ వైపు అన్నది కూడా చూడాలని నేను ఇప్పుడు పట్టుబట్టేది ఇందుకే.

మా దిమ్మకు లెక్క పూర్తి చేద్దాం. ఏకరీతి మందం h ఉన్న దిమ్మకు, మధ్య తలం నుంచి కొలిస్తే Σmz² = mh²/12. కాబట్టి వ్యాసం గురించిన అసలు విలువ

I_x = mR²/4 + mh²/12

అవుతుంది. I_z మాత్రం mR²/2 గానే ఉంటుంది, మందం ఎంతైనా సరే. తిరిగే అక్షం వెంబడి పదార్థాన్ని ఎంత సాగదీసినా అక్షం నుంచి దాని దూరం మారదు కదా. పళ్లెం స్థితిలో తీసిన రీడింగు మందం గురించి ఏమీ చెప్పలేకపోవడం, అందుకే మొదటి సగం ప్రయోగం ఎప్పుడూ చక్కగా కుదరడం, రెండింటికీ ఇదే కారణం. సిద్ధాంతం చెప్పే mR²/4 తో పోలిస్తే అసలు I_x ఎంత ఎక్కువ అని చూస్తే, ఆ అదనపు భాగం h²/(3R²). మందం 3 సెం.మీ., వ్యాసార్ధం 5 సెం.మీ. పెడితే 9ని 75తో భాగించాలి, 0.12 వస్తుంది. ఆవర్తన కాలం I వర్గమూలాన్ని బట్టి మారుతుంది కనుక 43.1ని √1.12తో గుణిస్తే 45.6. అమ్మాయి రాసిన సగటు సరిగ్గా అంతే.

కారణం ఇదేనని నిర్ధారించుకోవడానికి మందం తీసేసి చూడాలి. అదే లేత్ షాపులో 3 మి.మీ. షీటు నుంచి 20 సెం.మీ. వ్యాసం గల పలక కోయించాను. ఇది నిజంగానే పలక. అంచులో మర పట్టేంత మందం లేకపోవడంతో నిలువుగా వేలాడదీయడానికి చిన్న బిగింపు ముక్కలు రెండు వాడవలసి వచ్చింది. పళ్లెం స్థితిలో ఇరవై డోలనాలకు 77.1 సెకన్లు, సిద్ధాంతం ప్రకారం నిలువు స్థితిలో 54.5 రావాలి, వచ్చింది 54.6. ఇక్కడ h²/(3R²) విలువ 0.0003 మాత్రమే, ఏ స్టాప్ వాచ్‌కూ అందదు. ఒక్క జాగ్రత్త అవసరమైంది. నిలువుగా వేలాడే వెడల్పాటి పలక డోలనం చేస్తూ విసనకర్రలా గాలిని తోస్తుంది, డోలనాలు త్వరగా సన్నగిల్లుతాయి. ఫ్యాను ఆపి, కిటికీలు మూశాకే రీడింగు నిలకడగా వచ్చింది. జూలై ఉక్కపోతలో విశాఖలో ఫ్యాను ఆపమంటే పిల్లలు నన్ను ఎలా చూశారో చెప్పనవసరం లేదు.

ఇంతకీ పలక ఎక్కడ ఆగి దిమ్మ ఎక్కడ మొదలవుతుంది? "మందం ఉపేక్షించదగినది అయితే" అని రాసి పాఠం ముగిస్తాం, దేనితో పోల్చి ఉపేక్షించాలో చెప్పం. గుండ్రటి బిళ్ళకు జవాబు పై సూత్రంలోనే ఉంది. I_x లో ఒక శాతం తప్పు వరకు ఒప్పుకుంటామంటే h విలువ R లో 17 శాతం దాకా ఉండవచ్చు. అంటే 10 సెం.మీ. వ్యాసమున్న బిళ్ళ 8, 9 మి.మీ. మందం వరకు పలకగానే చెల్లుతుంది. ఆవర్తన కాలంలో అది అర శాతం, నలభై సెకన్ల రీడింగులో 0.2 సెకను, అంటే సరిగ్గా మన బొటనవేలి తడబాటు. తప్పు మందం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కనుక సన్నని బిళ్ళలను చాలాదూరం క్షమించి, ఆపైన ఒక్కసారిగా పట్టుకుంటుంది. నేను 8 మి.మీ. చేయించి ఉంటే ఈ కేసే ఉండేది కాదు.

అయితే ఈ ఒక శాతం కొలబద్ద గుండ్రటి బిళ్ళకే. పొడవాటి పట్టీ దగ్గర ఇది ఘోరంగా మోసం చేస్తుంది, ఆ మోసం నేను మరుసటి నెలలోనే ఒక ప్రాజెక్టు రికార్డులో చూశాను. పట్టీ పొడవు 20 సెం.మీ., వెడల్పు 2 సెం.మీ., మందం 1 సెం.మీ. విద్యార్థి రెండు విలువలు కొలిచాడు: వెడల్పాటి ముఖానికి లంబంగా ఉన్న అక్షం గురించి I_z, వెడల్పు దిశలో ఉన్న అక్షం గురించి I_x. పొడవు వెంబడి ఉన్న అక్షం గురించి కొలవడం కష్టమని, లంబాక్ష సిద్ధాంతంతో I_z నుంచి I_x తీసివేసి ఆ మూడవదాన్ని రాబట్టాడు. మొత్తంలో తప్పు ఎంతో ముందు చూద్దాం. ద్రవ్యరాశిని 12తో భాగించిన విలువను యూనిట్‌గా తీసుకుంటే I_z = 400 + 4 = 404, I_x = 400 + 1 = 401, పొడవు అక్షం గురించిన అసలు విలువ 4 + 1 = 5. కూడితే 406 రావాలి, సిద్ధాంతం 404 అంటుంది. తేడా అర శాతం మాత్రమే, ఎవరైనా పలకే అని ఒప్పుకుంటారు. కానీ తీసివేతలో 404 నుంచి 401 పోతే మిగిలేది 3. అసలు విలువ 5. నలభై శాతం తప్పు. రెండు పెద్ద అంకెల తేడాగా ఒక చిన్న అంకెను రాబట్టినప్పుడు, పెద్దవాటిలో కనబడని పొరపాటంతా ఆ చిన్నదాని నెత్తిన పడుతుంది. అందువల్ల మందాన్ని పట్టీ పొడవుతో కాక, మనకు కావలసిన అక్షం నుంచి పదార్థం ఎంత దూరం వ్యాపించి ఉందో దానితో పోల్చాలి. ఇక్కడ ఆ దూరం వెడల్పే, మందం దానిలో సగం.

సన్నగా ఉంటే చాలదు, సమతలంగా కూడా ఉండాలన్నది వేరే హద్దు. దీన్ని చూపడానికి నేను చదరపు రేకును వాడతాను. భుజం 2L గల చదరపు రేకును ఊహించండి, నడిమి గీత వెంబడి y అక్షం ఉందనుకోండి. చదునుగా ఉన్నప్పుడు I_x, I_y చెరొక mL²/3, I_z = 2mL²/3, సిద్ధాంతం నిలుస్తుంది. ఇప్పుడు రేకును ఆ నడిమి గీత దగ్గరే లంబకోణంలో మడిచి, ఒక సగాన్ని పాత తలంలోనే ఉంచి మరొక సగాన్ని నిలబెట్టాం. మడత గీత నుంచి ఏ కణం దూరమూ మారలేదు కనుక I_y అలాగే mL²/3. నిలబడిన సగం z అక్షానికి దగ్గరగా వచ్చింది కనుక I_z తగ్గి mL²/2 అయింది. ఆ సగమే x అక్షానికి దూరమై I_x పెరిగి mL²/2 అయింది. I_x, I_y కూడితే 5mL²/6, I_z మాత్రం 3mL²/6. రేకు మందం దాదాపు సున్నా, అయినా తప్పు మా దిమ్మలో కంటే ఎంతో ఎక్కువ. గొట్టం, గిన్నె, వంచిన బ్రాకెట్ అన్నీ ఈ కోవలోనివే. గోళం సంగతి చెప్పనక్కరలేదు. ఏ వ్యాసం గురించి అయినా 2mR²/5 కనుక, రెండింటి మొత్తం మూడవదానికి రెట్టింపు.

తలం బాగానే ఉండి అక్షాలను తప్పుగా ఎంచుకోవడం మరొక తంటా. పరీక్ష పేపర్లలో నాకు ఎక్కువగా కనిపించేది ఇదే. 30 సెం.మీ., 20 సెం.మీ. భుజాలున్న పలకకు, 20 సెం.మీ. అంచు వెంబడి ఉన్న అక్షం గురించి 300m, దానికి లంబంగా కేంద్రం గుండా పోయే అక్షం గురించి 33.3m అని సరిగ్గానే రాసి, రెండూ కూడి 333.3m ను కేంద్రం గుండా పోయే లంబాక్షానికి అంటగడతారు. కూడిక తప్పు కాదు, చిరునామా తప్పు. ఆ రెండు అక్షాలు కలిసేది అంచు మధ్యబిందువు దగ్గర కనుక ఆ విలువ అక్కడి లంబాక్షానిది. కేంద్రం దగ్గర అసలు విలువ 108.3m మాత్రమే. కేంద్రం నుంచి అంచుకు 15 సెం.మీ. దూరం కనుక 225m కలిపి చూస్తే 333.3m సరిగ్గా సరిపోతుంది. ఇదే పలకకు గుండ్రటి బిళ్ళ అలవాటు చొప్పున I_z లో సగం తీసి I_x అనడం ఇంకొక పొరపాటు. ఇక్కడ I_x, I_y విలువలు 33.3m, 75m, సగం చేస్తే రెండూ పోతాయి.

దీనికి ఎదురుగా, లేని హద్దులను కూడా కొందరు తగిలిస్తారు. పలక ఏకరీతిగా ఉండాలనీ, అక్షాలు ద్రవ్యరాశి కేంద్రం గుండానే పోవాలనీ రికార్డుల్లో రాస్తుంటారు. రెండవది సమాంతరాక్ష సిద్ధాంతం నుంచి అరువు తెచ్చిన షరతు. నిరూపణలో ఏ కణం బరువెంతో, మూలబిందువు ఎక్కడుందో ఎక్కడా వాడలేదు. కనుక ఒక మూల సీసం పోసిన వంకరటింకర రేకైనా సరే, చదునుగా ఉన్నంతవరకు, దాని తలంలో ఎక్కడ బిందువు పెట్టుకున్నా సిద్ధాంతం చెల్లుతుంది.

ఈ కేసులో నాకు బాగా నచ్చిన మలుపు ఆ అమ్మాయిదే. మందం సంగతి తరగతిలో చెప్పిన మర్నాడు ఆమె వచ్చి, "సార్, అయితే స్కేలు పెట్టకుండా మందం కనిపెట్టవచ్చు కదా" అంది. అప్పటికే లెక్క వేసి తెచ్చింది. సూత్రాన్ని తిరగేస్తే,

h²/(3R²) = 2(T_x/T_z)² − 1

45.6ని 60.9తో భాగించి వర్గం చేసి రెట్టింపు చేస్తే 1.121. ఒకటి తీసేస్తే 0.121. దాని నుంచి h విలువ 3.02 సెం.మీ. వచ్చింది. వెర్నియర్ పెట్టి చూస్తే 3.00. ఆమె ముఖం వెలిగింది. నేను మాత్రం ఇంకొక లెక్క వేయించాను: 45.6 స్థానంలో 45.8 వచ్చి ఉంటే ఏమయ్యేది? 0.131 వస్తుంది, మందం 3.14 సెం.మీ. అవుతుంది. 0.2 సెకను తడబాటుకు మందం మిల్లీమీటరు పైగా కదిలింది. కాబట్టి ఈ పద్ధతితో రాయదగినది 3.0 అని మాత్రమే, రెండవ దశాంశం ఆ రోజు మా అదృష్టం. సన్నని పలకకు ఇదే చేయబోతే 54.6 రీడింగుతో మందం 3 మి.మీ.కు బదులు దాదాపు ఒక సెంటీమీటరు వస్తుంది, 54.4 రీడింగుతో వర్గమూలం కింద రుణ సంఖ్య వస్తుంది.

దిమ్మను తీసేయలేదు. అది ఇప్పుడూ పలక పక్కనే అలమారలో ఉంది, తుప్పు పట్టకుండా గ్రీజు రాసి నూనె కాగితంలో చుట్టి ఉంచుతాము. రికార్డు పట్టికలో మందం కోసం ఒక గడి చేర్చాను, ఆవర్తన కాలం తీయకముందే ఆ గడి నింపాలి. 43.2 రాసిన జట్టుకు ఆ ప్రయోగం మళ్లీ చేయమని చెప్పాను, రెండవసారి 45.4 వచ్చింది.